కదలని వ్యూస్: పై పది, కింది పది వీడియోల లెక్క

అందరికీ నమస్కారం. ఇవాళ ఒక్క పని గురించే మాట్లాడుకుందాం. నెలల తరబడి వ్యూస్ ఒకే అంకె దగ్గర తిరుగుతున్న యూట్యూబ్ చానెల్‌లో, బాగా ఆడిన వీడియోలనూ అస్సలు ఆడనివాటినీ పక్కపక్కన పెట్టి లెక్క చూడటం. ఉదాహరణకు ఒక మిద్దెతోట చానెల్ అనుకుందాం. వారానికి 2 వీడియోలు, నెలకు 60 వేల వ్యూస్, 6 నెలలుగా అంతే. ఈ అంకెలు మనం అనుకున్నవే, తీరు మాత్రం చాలా చానెళ్ళలో కనిపించేదే.

యూట్యూబ్ స్టూడియో తెరిచి, వ్యూస్ ఎక్కువున్న వరుసలో వీడియోలు పేర్చి, పైవాటిని మంచివనీ కిందవాటిని చెడ్డవనీ రాసుకుంటారు చాలామంది. అక్కడే లెక్క తప్పుతుంది. జనవరిలో పెట్టిన వీడియోకు 6 నెలల వయసు, జూన్‌లో పెట్టినదానికి 3 వారాలు. రెండింటినీ ఒకే తక్కెడలో వేస్తే పాతదే ఎప్పుడూ బరువు తూగుతుంది. అందుకని ఒక్కో వీడియో అనలిటిక్స్‌లోకి వెళ్ళి, తేదీల దగ్గర Custom ఎంచుకుని, విడుదలైన రోజు నుంచి 28 రోజులు మాత్రమే పెట్టండి. 28 రోజులు నిండని వీడియోలను వదిలేయండి. షార్ట్స్‌నీ లైవ్‌లనీ కూడా పక్కన పెట్టండి, వాటి వ్యూస్ తీరే వేరు. 50 వీడియోలకు ఇది ఒక పూట పని. విసుగు పనే, కానీ దీన్ని దాటేస్తే మిగతాదంతా ఊహాగానమే.

షీట్‌లో ఆరు గడులు చాలు: వ్యూస్, ఇంప్రెషన్లు, సీటీఆర్, 30వ సెకనుకు మిగిలినవాళ్ళ శాతం, వ్యూస్ ఎక్కువగా ఎక్కడి నుంచి వచ్చాయి, వాచ్ టైమ్‌లో సబ్‌స్క్రైబర్లు కానివారి వాటా. థంబ్‌నెయిల్ ఎన్నిసార్లు కనిపించిందో ఇంప్రెషన్లు, అలా కనిపించినప్పుడు ఎంత శాతం నొక్కారో సీటీఆర్. వ్యూస్ ప్రకారం పేర్చి పై 10, కింది 10 తీసుకోండి. మధ్యలోవి ప్రస్తుతానికి వద్దు.

ఇప్పుడు పై పదిలో దొంగ విజయాలను ఏరేయాలి. మన చానెల్‌లో ఒక వీడియోకు 60 శాతం వ్యూస్ External నుంచి, యూట్యూబ్ బయటి నుంచి వచ్చాయి, అంటే ఎవరో పెద్ద వాట్సాప్ గ్రూపులో పంచారు. ఇంకొకటి ఉగాది వారంలో వేపపూత గురించి పెట్టినది, పండగ అయ్యాక ఎవరూ చూడలేదు. వీటిని చూసి అలాంటివే ఇంకో 5 తీస్తే మళ్ళీ చతికిలబడతారు. ఇవి పోగా మిగిలిన 8లో 7 ఒకే రకం: ఆకు ముడత, పూత రాలడం, కుండీలో నీరు నిలవడం. అంటే చూసేవాడి మొక్కకు జబ్బు చేసింది, దానికి మందు చెప్పే వీడియోలు.

కింది పదిలో 6 కూడా ఒకే రకం: తోట చూపించడాలు, కాయలు కోసిన రోజు వీడియోలు. ఇక్కడ సీటీఆర్ మనల్ని మోసం చేస్తుంది, కాస్త జాగ్రత్త. కోత వీడియోకు సీటీఆర్ 7 శాతం, ఆకు ముడత వీడియోకు 4.5 శాతం. పైపైన చూస్తే కోతదే మంచి థంబ్‌నెయిల్ అనిపిస్తుంది. కానీ కోత వీడియోకు ఇంప్రెషన్లు 9 వేలు, ఆకు ముడతకు 2 లక్షలు. మొదటిదాన్ని యూట్యూబ్ మన పాత ప్రేక్షకులకే చూపించింది. వాళ్ళకు మనమంటే ఇష్టం కాబట్టి నొక్కారు. రెండోదాన్ని మనమెవరో తెలియనివాళ్ళకు చూపించింది, అక్కడ శాతం తగ్గడం సహజం. చానెళ్ళలోనూ వీడియోల్లోనూ సగానికి సీటీఆర్ 2 నుంచి 10 శాతం మధ్యే ఉంటుందని యూట్యూబే చెబుతుంది. కాబట్టి ఇంప్రెషన్లు పక్కన లేకుండా సీటీఆర్‌ను చదవకండి. వీలైతే హోమ్ పేజీ లాంటి Browse features నుంచి వచ్చిన సీటీఆర్‌ను ఇంకో వీడియో Browse features సీటీఆర్‌తోనే పోల్చండి. సెర్చ్‌లో వెతుక్కుని వచ్చినవాడు నొక్కే తీరు వేరు.

కోత వీడియోల వాచ్ టైమ్‌లో సబ్‌స్క్రైబర్లు కానివారి వాటా చూస్తే విషయం తేలిపోతుంది. చాలా తక్కువ. వారానికి ఒక వీడియో ఇలాంటిదైతే, చానెల్ సగం శ్రమ ఉన్నవాళ్ళను అలరించడానికే పోతోంది. కొత్తవాళ్ళు వచ్చే దారి మిగతా సగమే. వ్యూస్ కదలకపోవడానికి ఇది ఒక కారణం.

అసలు విలువైన సమాచారం కింది పదిలో మిగిలిన 4 వీడియోల దగ్గర ఉంది. వాటిలో ఒకదానిది ఎండు ఆకుల ఎరువు విషయం, జబ్బు కాదు కాబట్టి దాన్ని పక్కన పెడదాం. మిగతా మూడూ పై పదిలోలాగే జబ్బు, మందు రకం, విషయం బాగుంది, ఆడలేదంతే. మందారానికి పట్టిన పిండినల్లి వీడియోను దగ్గరగా చూద్దాం. రిటెన్షన్ గ్రాఫ్ తెరిస్తే 30వ సెకనుకు 44 శాతమే మిగిలారు. ఆకు ముడత వీడియోలో అదే చోట 71 శాతం. రెండింటినీ ఆపుతూ ఆపుతూ చూడండి. పిండినల్లి వీడియోలో 8 సెకన్ల లోగో యానిమేషన్, తర్వాత నమస్కారం, వాతావరణం గురించి నాలుగు మాటలు, సబ్‌స్క్రైబ్ చేసుకోమని అడగడం. తెల్లని పురుగు తెర మీద కనిపించేది 41వ సెకనుకు. ఆకు ముడతలో మొదటి సెకనులోనే చేతిలో ముడుచుకున్న మిరప ఆకు, దాన్ని తిప్పి కింద ఉన్న పురుగును చూపించడం. థంబ్‌నెయిల్ ఏం చూపిస్తానందో అది వెంటనే కళ్ళముందుకు వచ్చింది.

అదే పిండినల్లి గ్రాఫ్‌లో 3 నిమిషాల 10 సెకన్ల దగ్గర గీత పైకి లేచింది. జనం వెనక్కి వెళ్ళి మళ్ళీ చూశారన్నమాట. అక్కడేముందో చూస్తే, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కలవడానికి కొద్దిగా సబ్బు ద్రావణం అని గబగబా చెప్పేశారు. ఇలా గీత లేస్తే రెండు అర్థాలున్నాయి: అదే జనానికి కావలసినది కావచ్చు, లేదా అర్థం కాక మళ్ళీ విన్నారు కావచ్చు. కామెంట్లలో ‘ఎంత కలపాలి’ అని పదేపదే అడుగుతుంటే రెండోది. తర్వాతి వీడియోలో కొలతను తెర మీద అక్షరాలుగా వేసి 5 సెకన్లు ఉంచండి.

ఇక చేయవలసినది. వచ్చే 8 వీడియోల్లో 6 జబ్బు, మందు రకం పెట్టండి, కోత వీడియోలు 2కు తగ్గించండి. పూర్తిగా మానేయకండి, పాతవాళ్ళు కూడా కావాలి కదా. లోగో తీసేసి, మొదటి 5 సెకన్లలో సమస్య కనిపించేలా మొదలుపెట్టండి. వీడియోల నిడివిని, ఎడిటింగ్ వేగాన్ని, విడుదల సమయాన్ని ఈ నెల ముట్టుకోవద్దు. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో చెప్పలేరు. పాత వీడియోలకు మూడు థంబ్‌నెయిళ్ళను పోటీ పెట్టే సదుపాయం స్టూడియోలో ఉంది. అది వాచ్ టైమ్ వాటాను బట్టి గెలుపు తేలుస్తుంది. కానీ ఇంప్రెషన్లు కొద్దిగా వచ్చే వీడియోలో పెడితే ఏమీ తేలదు, రోజూ కదులుతున్న వీడియోల మీదే పెట్టండి.

చెడ్డ వీడియోలను తొలగించేయాలని మనసు లాగుతుంది. వద్దు. మానిటైజేషన్‌కు కావలసిన 4,000 గంటల వాచ్ టైమ్ వైపు వెళ్తున్న చానెల్ అయితే, తొలగించిన వీడియోల గంటలు ఆ లెక్కలోంచి పోతాయి. ఉన్నవి ఉన్నచోట ఉండనివ్వండి.

ఋతువును కూడా మర్చిపోకండి. జూన్‌లో వాన పడగానే మొక్కలు నాటేవాళ్ళు పెరుగుతారు. అప్పుడు లేచిన వ్యూస్ మీ మార్పుల పుణ్యం కాకపోవచ్చు. పోయిన ఏడాది అదే నెలతో పోల్చి చూడండి.

పరీక్ష కోసం పిండినల్లి విషయాన్నే మళ్ళీ తీయండి, కొత్త ఆరంభంతో, తెర మీద కొలతలతో. 28 రోజులు ఆగి చూడండి. 30వ సెకనుకు 65 శాతం దాటి, ఇంప్రెషన్లు కూడా పెరిగితే లోపం ఆరంభంలోనే ఉంది, మిగతా రెండు వీడియోలను కూడా అలాగే మళ్ళీ తీయొచ్చు. 65 దాటినా ఇంప్రెషన్లు అక్కడే ఉంటే, చూసినవాళ్ళకు నచ్చింది కానీ ఆ విషయం వెతికేవాళ్ళే తక్కువ. అప్పుడు పిండినల్లిని వదిలి, పై పదిలోవాటిలాంటి, ఇంకా ముట్టుకోని జబ్బును తీసుకోండి.