కొత్తగా చేరినవాళ్లకు మూడు ఇరవై తారీఖులు

ఒక ప్రేక్షకుడు ఇలా అడిగారు: "విజయవాడలో చిన్న జీఎస్టీ ఆఫీసు నడుపుతున్నానండి. నాతో కలిపి ఐదుగురం. బీకామ్ అయిన పిల్లల్ని తీసుకుంటున్నాను, రెండు మూడు నెలలకే మానేస్తున్నారు. ఉన్నన్నాళ్లూ వాళ్లకు పని అప్పగించాలంటే భయమే. ఈ నవంబరు చివర్లో ఒక అమ్మాయి చేరుతోంది. మొదటి మూడు నెలలు ఎలా ప్లాన్ చేయాలి?"

అండీ, ముందు ఆమె చేరే తారీఖు చూడండి. ఒకటో తారీఖున చేర్చుకోవడం మనకు అలవాటు, జీతం లెక్క సులువు కాబట్టి. కానీ మన పనిలో ఒకటో తారీఖున అడుగుపెట్టిన మనిషికి నేర్పే తీరిక ఎవరికీ ఉండదు. 7లోపు టీడీఎస్ కట్టించాలి, 11లోపు అమ్మకాల రిటర్న్ జీఎస్‌టీఆర్-1 వెళ్లాలి, 14న కొనుగోళ్ల మీద దొరికే పన్ను క్రెడిట్ చూపించే 2బి వస్తుంది, 20లోపు పన్ను లెక్కగట్టి కట్టే రిటర్న్ 3బి అయిపోవాలి. ఆమె ఇరవై రోజులు అందరి వెనకా నిలబడి అడ్డొస్తున్నానేమో అనుకుంటుంది. అందుకే నవంబరు 22న రమ్మనండి. ఆ నెలలో మిగిలిన తొమ్మిది రోజులకూ జీతం లెక్కగట్టి ఇచ్చేయండి. 20 దాటాక ఆఫీసు కాస్త ఊపిరి తీసుకుంటుంది కదా, నేర్పడానికి దొరికేవి ఆ రోజులే.

ఇంకో మేలు కూడా ఉంది. నవంబరు 22న చేరితే తొంభై రోజులు ఫిబ్రవరి 20 దగ్గర పూర్తవుతాయి. అంటే మధ్యలో 3బి గడువులు మూడు వస్తాయి: డిసెంబరు 20, జనవరి 20, ఫిబ్రవరి 20. మొదటిది పక్కన కూర్చుని చూస్తూ చేస్తుంది. రెండోది ఆమె చేస్తుంది, మీరు సరిచూస్తారు. మూడోది ఆమెది. ప్లాన్ మొత్తం ఇంతే, కానీ దీన్ని నిలబెట్టేది లోపలి వివరాలు.

నేను మొదట చేరిన ఆఫీసులో నాలుగు నెలలు సేల్స్ బిల్లులు ట్యాలీలో ఎక్కించాను. పొద్దున ఒక కట్ట ఇచ్చేవారు, సాయంత్రానికి అయిపోవాలి. ఆ బిల్లులు ఏ రిటర్న్‌లోకి వెళ్తున్నాయో, నేను ఒక నంబరు తప్పు కొడితే ఎవరికి నష్టమో ఎవరూ చెప్పలేదు. తప్పు దొరికిన రోజు మాత్రం అందరి ముందూ అరిచేవారు. ఐదో నెలలో మానేశాను. జీతం తక్కువని ఇంట్లో చెప్పాను గానీ, అసలు కారణం అది కాదు. అక్కడ రెండేళ్లున్నా బిల్లులే కొడుతుంటానని అర్థమైంది.

కాబట్టి ఆ అమ్మాయికి ఇరవై పార్టీల బిల్లుల కట్టలు ఇవ్వకండి. ఒక్క పార్టీని ఇవ్వండి, మొదటి బిల్లు నుంచి 3బి దాకా. ఆటోనగర్‌లో ఒక స్పేర్‌పార్ట్స్ షాపు అనుకుందాం. నెలకు ఎనభై, తొంభై కొనుగోలు బిల్లులు ఉండే పార్టీ, మీతో ఐదారేళ్లుగా ఉన్న పార్టీ, ఒక రోజు ఆలస్యమైనా కోప్పడని యజమాని అయితే మంచిది.

నవంబరు 22 నుంచి 30 దాకా ఆమె పని ఆ షాపు అక్టోబరు ఫైలు చదవడం. అయిపోయిన నెల కాబట్టి తప్పు జరిగే భయం లేదు. బిల్లు చదవడం నేర్పండి. కొన్నవాళ్ల జీఎస్టీ నంబరులో పదిహేను అక్షరాలు ఉంటాయి, మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి, ఆ తర్వాతి పది పాన్. ఆంధ్రకు 37, తెలంగాణకు 36. షాపు సరుకు హైదరాబాదుకు పంపితే ఐజీఎస్టీ పడాలి, ఇక్కడే అమ్మితే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ. ఇది పుస్తకంలో చదివే వచ్చి ఉంటుంది, కానీ నూనె మరకలున్న నిజం బిల్లు మీద చూడడం వేరు. ఆ తర్వాత అక్టోబరు పుస్తకాన్ని అక్టోబరు 2బితో ఆమెనే పోల్చమనండి. అప్పటికే మీవాళ్లు చేసిన మ్యాచింగ్ మీ దగ్గర ఉంది. ఆమె జవాబును దానితో సరిచూసుకోవచ్చు.

ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే మనిషి పనికొచ్చేది ఈ మ్యాచింగ్ వచ్చిన రోజునే. పుస్తకంలో 84 బిల్లులున్నాయి, 2బిలో 79 కనిపిస్తున్నాయి అనుకోండి. కొత్త మనిషి "ఐదు తేడా వచ్చాయి సార్" అని తెస్తుంది. మీరు బిజీగా ఉండి "సరే, నేను చూస్తాలే" అంటారు. ఆ ఒక్క మాటతో ఆమె నేర్చుకోవడం ఆగిపోతుంది. ఆ ఐదింటికీ ఐదు కారణాలు ఆమెనే వెతకనివ్వండి. రెండు బిల్లుల సరఫరాదారు 11 దాటాక ఫైల్ చేశాడు, అవి వచ్చే నెల 2బిలో వస్తాయి. ఒకటి మూడు నెలలకోసారి రిటర్న్ వేసే చిన్న వ్యాపారిది, ఆయన ఈ నెల బిల్లు ముందుగా ఎక్కించలేదు. ఒకదానిలో మన షాపు నంబరు తప్పు పడి ఇంకెవరి ఖాతాకో వెళ్లింది. మిగిలిన ఒకటి మనవాళ్లే రెండుసార్లు ఎంట్రీ వేశారు.

ఐదూ ఒకేలా కనిపిస్తాయి, కానీ చేయాల్సిన పని ఒక్కోదానికి ఒక్కోటి. మొదటి మూడింటికి ఎదురుచూడాలి, నాలుగోదానికి ఫోన్ చేయాలి, ఐదోది ఇక్కడే దిద్దాలి. నాలుగో బిల్లు యాభై వేలది, పన్ను 18 శాతం అయితే 9,000 రూపాయలు. 2బిలో లేని క్రెడిట్ తీసుకోకూడదు కాబట్టి షాపు యజమాని ఈ నెల ఆ తొమ్మిది వేలు చేతి నుంచి కట్టుకోవాలి. ఈ లెక్క ఆమెకు చూపించండి. తను కొట్టే ఒక నంబరుకు బరువెంతో అప్పుడు తెలుస్తుంది.

అమ్మకాల వైపూ ఇదే. జీఎస్‌టీఆర్-1 వేశాక తప్పు కనిపిస్తే 3బికి ముందు 1ఏలో దిద్దుకునే వీలుంది. కానీ కొన్నవాళ్ల జీఎస్టీ నంబరే తప్పయితే 1ఏలో కుదరదు, వచ్చే నెల రిటర్న్‌లోనే మార్చాలి. అందుకే మొదటి రెండు నెలలూ 9వ తారీఖున సీనియర్ ఒకసారి ఆ నంబర్లు చూడాలి. 11 సాయంత్రం చూస్తే తొందరలో జారిపోతాయి. పార్టీల పాస్‌వర్డ్‌లు, డిజిటల్ సంతకం కూడా ఈ రెండు నెలలూ సీనియర్ చేతిలోనే ఉంచండి. అనుమానం కొద్దీ అనుకోకుండా, కారణం ఆమెకు మొదటి రోజే చెప్పేయండి.

డిసెంబరు మొత్తం రోజూ సాయంత్రం పావుగంట ఆమెతో కూర్చోండి. "అర్థమైందా?" అని అడగకండి. అందరూ "అర్థమైంది సార్" అనే అంటారు, మనమూ అనేవాళ్లం. "ఈరోజు ఎక్కడ ఆగిపోయావమ్మా?" అని అడగండి. ఆగిన చోటు చెప్పిందంటే పని సాగుతున్నట్టు. వరసగా నాలుగు రోజులు ఎక్కడా ఆగలేదంటే నాకు టెన్షన్ మొదలవుతుంది, ఎందుకంటే ఆ మనిషి తెలియనిచోట ఏదో ఒకటి వేసుకుపోతూ ఉంటుంది. డిసెంబరు 31కి వార్షిక రిటర్న్ గడువు ఉంది కాబట్టి నెలాఖరున మీకే తీరిక ఉండకపోవచ్చు. ఆ పది రోజులకు పావుగంట ఎవరు కూర్చుంటారో పేరు పెట్టి ముందే చెప్పండి.

ఇప్పుడు జనవరి. మీ దగ్గర పిల్లలు ఎక్కువగా మానేసేది ఈ నెల తర్వాతేనని నా అనుమానం, మీ పాత రిజిస్టరు ఒకసారి తిరగేసి చూసుకోండి. సంక్రాంతి సరిగ్గా 11కీ 20కీ మధ్య పడుతుంది. 2బి వచ్చేది 14న, ఆ రోజు భోగో పండగో. కొత్తమ్మాయి ఊరు వెళ్లాలి. జనవరి 8న భయపడుతూ సెలవు అడుగుతుంది, "ఇప్పుడా? 3బి పని పెట్టుకుని?" అంటారు. అక్కడితో ఆమె మనసు విరిగిపోతుంది. ఇంట్లో అందరూ పండగ చేసుకుంటుంటే తను ఒక్కతే పీజీలో ఉండి 2బి డౌన్‌లోడ్ చేసిన పిల్ల, ఫిబ్రవరిలో వేరే ఉద్యోగం చూసుకుంటుంది.

దీన్ని డిసెంబరు మొదటి వారంలోనే తేల్చండి. "జనవరి 13 నుంచి 16 దాకా నీకు సెలవు, 17న పొద్దున ఇక్కడ ఉండాలి" అని మీరే ముందుగా చెప్పండి. దానికి తగ్గట్టు పని వెనక్కి జరపండి. రెండో నెలలో ఆమెకు నాలుగు పార్టీలు ఇస్తారు కదా, ఆ నాలుగింటి కొనుగోలు ఎంట్రీలూ 12 సాయంత్రానికి పూర్తి కావాలి. పార్టీలకు బిల్లులు 5లోపే పంపమని డిసెంబరు చివరే ఫోన్ చేయించండి. అప్పుడు 17 నుంచి 19 దాకా మూడు రోజులు మ్యాచింగ్‌కు మిగులుతాయి, నాలుగు పార్టీలకు సరిపోతాయి. తొమ్మిది పార్టీలు ఇచ్చి ఉంటే సరిపోవు. రెండో నెలలో నాలుగే ఎందుకని ఎవరైనా అడిగితే ఇదే నా జవాబు.

జనవరి 21న ఆమెను కూర్చోబెట్టి మాట్లాడండి. తొంభయ్యో రోజు దాకా ఆగితే ఆలస్యమైపోతుంది, వెళ్లాలనుకున్నవాళ్లు అప్పటికి ఇంకోచోట మాట ఇచ్చేసి ఉంటారు. ఆ రోజుకు మీ దగ్గర ఒక నోటుబుక్ ఉండాలి. సరిచూసినవాళ్లకు దొరికిన తప్పులు, తారీఖుతో సహా. తప్పులు ఎన్ని అన్నది పెద్దగా చూడకండి, పార్టీలు పెరిగాయి కాబట్టి తప్పులూ పెరుగుతాయి. డిసెంబరులో చేసిన తప్పే జనవరిలో మళ్లీ చేసిందా, కొత్త తప్పులా అన్నది చూడండి. కొత్త తప్పులైతే నేర్చుకుంటోంది. అవే తప్పులు మూడోసారీ వస్తుంటే ఈ పని ఆమెకు నప్పడం లేదేమో, ఆ మాట కూడా ఆ రోజే మర్యాదగా చెప్పాలి. ఇంకో నెల ఇద్దరి కాలమూ పోకుండా ఉంటుంది.

బాగా చేస్తున్న మనిషికి ఆ రోజు చెప్పాల్సినవి రెండు. ఒకటి, మార్చి నుంచి జీతం ఎంతో అంకెతో, కాగితం మీద. "చూద్దాంలే, పెంచుతాను" అన్న మాట ఎవరినీ ఆపదు. రెండు, తర్వాత ఏం నేర్పుతారో. టీడీఎస్ రిటర్న్ నేర్పుతారా, ఆడిట్‌కు తీసుకెళ్తారా అన్నది ఆమెనే అడిగి తేల్చండి. చుట్టుపక్కల ఆఫీసులు ఇచ్చేదానికంటే మీ జీతం మూడు వేలు తక్కువైతే మాత్రం నేను చెప్పినవేవీ ఆమెను ఆపలేవు. అది ముందు సరిచేసుకోండి.

ఫిబ్రవరిలో ఏడెనిమిది పార్టీలు ఆమెవి. సీనియర్ ఇక ప్రతి బిల్లూ చూడరు, పన్ను మొత్తం కిందటి నెలతో పోలిస్తే బాగా తేడాగా ఉన్న పార్టీని మాత్రమే తెరిచి చూస్తారు. 20న 3బి ఆమె వేస్తుంది, పక్కన మీరు కూర్చుంటారు. పార్టీకి వెళ్లే ఓటీపీ కోసం ఫోన్ కూడా ఆమెనే చేయనివ్వండి. మర్నాడు ఆ ఏడెనిమిది మంది యజమానులకూ మీరే స్వయంగా ఫోన్ చేసి, ఇకనుంచి మీ ఫైలు ఈ అమ్మాయి చూస్తుంది, ఏదున్నా తనకే చేయండి అని ఆమె నంబరు ఇవ్వండి.