బావగారి కామెంటు ఎవరికి కనపడింది?

వేదిక మీదున్న పెద్దలకు, సూది గుచ్చుకున్న వేళ్లతో ఇక్కడికొచ్చిన అక్కచెల్లెళ్లకు నమస్కారం. నాకిచ్చింది పదిహేను నిమిషాలు. ముందు మాట్లాడినవారు అందులో అయిదు వాడేసుకున్నారు. కాబట్టి మిగతా మర్యాదలు మనసులోనే చెప్పుకుంటాను.

నాకిచ్చిన అంశం, మగ్గం వర్కు ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్మడం. ఫోటో ఎలా తీయాలి, రేటు ఎలా వేయాలి, అన్నీ రాసుకొచ్చాను. ఇందాక టీ దగ్గర ఒకమ్మాయి, "అక్కా, మా వదినని మ్యూట్ చేశాను, ఇంక నా స్టోరీలు ఆవిడకి కనపడవు కదా?" అంది. అప్పుడే కాగితం మడిచేశాను. కనపడతాయమ్మా. అన్నీ కనపడతాయి. నీకే ఆవిడవి కనపడవు.

ఆ తప్పు నేనూ చేశాను. మావారికి పెదనాన్న కొడుకు ఒకాయన ఉన్నారు, నాకు బావగారు. నేను ఏ జాకెట్టు ఫోటో పెట్టినా కింద, "దీనికి నాలుగు వేలా? మా వీధిలో రెండు వేలకే చేస్తారు" అని రాసేవారు. చదివిన కస్టమరు ఊరుకుంటుందా? నాకు మెసేజ్ పెడుతుంది, రెండు వేలకి ఇవ్వమని!

నేను ఆయన ప్రొఫైల్‌లోకెళ్లి ఫాలోయింగ్ అన్నచోట నొక్కి, పోస్టులు, స్టోరీలు రెండూ మ్యూట్ చేశాను. ఆయన తీర్థయాత్రల ఫోటోలు నాకు రావడం ఆగింది. కామెంట్లు మాత్రం ఆగలేదు. మ్యూట్ అంటే మనం కళ్లు మూసుకోవడం. ఎదుటివాళ్ల కళ్లూ నోరూ మామూలుగానే పనిచేస్తుంటాయి.

మరి బ్లాక్ చేయవచ్చు కదా అంటారు. చేస్తే పండక్కి ఆయన ఎదురుగా కూర్చుని భోంచేయాలి! ఇలాంటి ఇరకాటం కోసమే 2019 అక్టోబరులో ఇన్‌స్టాగ్రామ్ వాళ్లు రిస్ట్రిక్ట్ అని ఒకటి తెచ్చారు. బడిపిల్లలు తమని ఏడిపించేవాళ్లని బ్లాక్ చేయడానికి భయపడుతున్నారని, బ్లాక్ చేస్తే ఇంకా రెచ్చిపోతారని తెచ్చారట. బావగారికీ పనికొచ్చింది. ఆయన ప్రొఫైల్‌లో పైన మూడు చుక్కలు నొక్కితే ఉంటుంది. మీరు ఫాలో కాకపోయినా చేయవచ్చు. ఆయనకి ఏ కబురూ వెళ్లదు.

ఆ తర్వాత ఆయన కామెంటు రాస్తే, అది ఆయనకి మామూలుగానే కనపడుతుంది. మిగతా లోకానికి కనపడదు. నా వైపు తెర వేసి ఉంటుంది. తీసి చదువుకుని, నేను ఒప్పుకుంటేనే అందరికీ చేరుతుంది. ఆయన మెసేజ్ పెడితే రిక్వెస్టుల్లో పడుతుంది, ఫోను మోగదు. నేను చదివినా ఆయనకి 'సీన్' అని రాదు, నేను ఆన్‌లైన్‌లో ఉన్నానో లేదో తెలియదు.

మూడు నెలలు హాయిగా గడిచాయి. బావగారు రాస్తూనే ఉన్నారు పాపం. తర్వాత ఒక పెళ్లిలో నలుగురినీ పోగేసి, "చూడండి, నేను రేటు అడిగితే మరదలు జవాబే చెప్పదు" అని తన ఫోను చూపించారు. మా ఆడపడుచు తన ఫోనులో అదే పోస్టు తీసింది. అక్కడ ఆ కామెంటు లేదు. ఆయన ఫోను, ఆమె ఫోను పక్కపక్కన పెట్టి చూశారు. నేను లేచి వడ్డన దగ్గరికి వెళ్లిపోయాను. రిస్ట్రిక్ట్ ఇలాగే బయటపడుతుంది, ఇంకో ఫోనులోంచి చూస్తే.

ఇంకొక పొరపాటు కూడా చెప్పాలి. రిస్ట్రిక్ట్ చేశాక నేను ధీమాగా శ్రీశైలం స్టోరీ పెట్టాను. సాయంత్రానికి అత్తయ్యగారి దగ్గరికి ఫోను, "చెప్పకుండా వెళ్లారటగా" అని. రిస్ట్రిక్ట్ ఆయన మాటని ఆపుతుంది, చూపుని ఆపదు. స్టోరీ ఒక్కటే ఒకరికి కనపడకుండా దాచే వీలు విడిగా ఉందని తర్వాత తెలిసింది. అప్పటికి కోపంలో బ్లాక్ కొట్టేశాను.

బ్లాక్ చేస్తే ఆయన ఖాతాలో వెతికినా నా పేజీ దొరకదు. మరి కొడుకు ఫోనులో? శుభ్రంగా కనపడుతుంది. నాది పబ్లిక్ పేజీ, ఆ ఖాతా కొడుకుది. పైగా ఆయన రెండేళ్లుగా పెట్టిన లైకులు, కామెంట్లు ఒక్కసారిగా పోయాయి. వాటిలో, "మా మరదలి చేతిపని" అని మొదటి రోజుల్లో రాసినవి కూడా ఉన్నాయి. మావారు సర్దిచెబితే బ్లాక్ తీశాను. లైకులు తిరిగి రాలేదు. ఫాలో కూడా ఆయన మళ్లీ మొదటినుంచి చేసుకోవాల్సి వచ్చింది.

చేసుకున్నారు. మర్నాడే ఒక పట్టు జాకెట్టు కింద, "ఇప్పుడైనా రేటు తగ్గిందా?" అని రాశారు. నేను మూడు చుక్కలు నొక్కి మళ్లీ రిస్ట్రిక్ట్ చేసి, ఆ కామెంటు చెరిపేశాను. తర్వాత ఆయన ఇంకోటి రాశారు. అది ఇప్పటికీ అక్కడే ఉంది, ఆయనకి కనపడుతూ.