ఒక ఆర్డర్ థ్రెడ్, ఆరుగురు మనుషులు

అందరికీ నమస్కారం. ఎగుమతి ఆఫీసుల నుంచి వచ్చినవాళ్లు ఎక్కువగా ఉన్నారు కాబట్టి, మెయిల్ థ్రెడ్‌లో ఎవరికి ఏది చేరాలో చూడటానికి గుంటూరు మిర్చి ఆర్డరు ఒకటి తీసుకుందాం. పార్టీ మలేషియాలో ఉంది, కంటైనర్ చెన్నై పోర్టుకు వెళ్లాలి. ఒకే మెయిల్ థ్రెడ్‌లో మన సేల్స్, అకౌంట్స్, క్వాలిటీ, గోడౌన్ వాళ్లు, బయట నుంచి పార్టీ, కస్టమ్స్ ఏజెంటు ఉన్నారు.

రేటు కొంచెం చూడమని పార్టీ రాశారు. సేల్స్ అమ్మాయి ఆ మెయిల్‌ను అకౌంట్స్‌కు ఫార్వర్డ్ చేసింది. "మనకు కిలో 182 పడింది, 196 దాకా దిగొచ్చు" అని అకౌంట్స్ ఆయన జవాబిచ్చారు. ఇంతవరకు సరిగ్గానే జరిగింది. తర్వాత ఆమె ఆ జవాబు మీదే నాలుగు మర్యాద వాక్యాలు రాసి, పార్టీ అడ్రస్ చేర్చి పంపేసింది. వాళ్లు కిందికి జరిపి చూస్తే మన కొన్న ధర కనిపిస్తుంది. Gmailలో Undo Sendకి ఎక్కువలో ఎక్కువ 30 సెకన్లే గడువు. Outlookలో వెనక్కి పిలిచే సదుపాయం బయటి కంపెనీ వాళ్ల మెయిల్‌బాక్స్ మీద పనిచేయదు.

అందుకే లోపలి మాటలకు వేరే థ్రెడ్ పెట్టుకోండి, సబ్జెక్ట్ ముందు "లోపలికి మాత్రమే" అని రాయండి. పార్టీకి జవాబు ఇచ్చేటప్పుడు మాత్రం వాళ్ల దగ్గర నుంచి వచ్చిన చివరి మెయిల్‌నే తెరిచి, దాని మీదే రాయండి. మధ్యలో కొత్తవాళ్లను సీసీలో చేర్చినా ఇదే చిక్కు, కింద ఉన్న పాత సంభాషణంతా వాళ్లకు చేరుతుంది. లారీ వాళ్లకు కావాల్సింది లోడింగ్ తేదీ, గోడౌన్ అడ్రస్. అవి రాసి కొత్త మెయిల్ పంపితే చాలు.

ఇక బీసీసీ. గోడౌన్ ఇన్‌ఛార్జిని బీసీసీలో పెట్టారనుకోండి. పార్టీ "లోడింగ్ గురువారం వద్దు, సోమవారం" అని రిప్లై ఆల్ కొడితే ఆ మెయిల్ ఆయనకు రాదు. గురువారం పొద్దున హమాలీలు వచ్చి కూర్చుంటారు. అలాగే ఆయనే రిప్లై ఆల్ కొడితే, ఇన్నాళ్లూ చాటుగా చదువుతున్నారని పార్టీకి తెలిసిపోతుంది. నమ్మకం దెబ్బతినేది అక్కడే. ఎవరికైనా చూపించాలంటే మెయిల్ పంపాక ఫార్వర్డ్ చేయడమే మంచిది.

నా దృష్టిలో ఇలాంటి థ్రెడ్‌లో బీసీసీకి ఒక్కటే సరైన వాడకం ఉంది. అడ్వాన్స్ ముట్టింది, అకౌంట్స్ పని అయిపోయింది. అప్పుడు "అకౌంట్స్ వారిని బీసీసీకి మారుస్తున్నాను, ఇకపై డిస్పాచ్ విషయాలే" అని మొదటి లైన్‌లోనే అందరికీ తెలిసేలా రాయండి. ఆ మెయిల్ ఆయనకు అందుతుంది. దాని మీద ఎవరు రిప్లై ఆల్ కొట్టినా ఆయన ఇన్‌బాక్స్‌కు రాదు. బిల్ ఆఫ్ లేడింగ్ చేతికొచ్చి, బ్యాలెన్స్ వసూలు చేయాల్సినప్పుడు ఆయన్ను మళ్లీ To లోకి తీసుకోండి. అప్పుడు పని ఆయనది కాబట్టి సీసీ సరిపోదు.