పద్నాలుగు కిలోల బాబుకు గంటకు ఎంత డ్రిప్? నాలుగు-రెండు-ఒకటి లెక్క

[తిరుపతిలో ఒక ఆసుపత్రి, పిల్లల వార్డు పక్కన చిన్న గది. తెల్ల బోర్డు, బల్ల మీద డ్రిప్ సెట్లు.]

డాక్టర్: పుత్తూరు దగ్గరి పల్లె నుంచి ఒక బాబును తీసుకొచ్చారనుకుందాం. నాలుగేళ్లు. నిమోనియా. ఊపిరి ఎంత వేగంగా తీస్తున్నాడంటే నోట్లో చెంచా పాలు పోసినా పొలమారుతోంది. నోటి ద్వారా ఏమీ ఇవ్వలేం కాబట్టి డ్రిప్ పెట్టాలి. గంటకు ఎంత?

ముందు బరువు చూడాలి. వాళ్లమ్మను అడిగితే, "పదహారు ఉంటాడు సార్, అంగన్‌వాడీలో చూసినారు" అంటుంది. ఎప్పుడు చూశారో ఆమెకు గుర్తుండదు. అందుకే ఇప్పుడు మన త్రాసు మీదే తూచాలి, చెప్పులూ స్వెట్టరూ తీసేసి. 14 కిలోలు వచ్చింది. ఈ లెక్క మొత్తం ఈ ఒక్క అంకె మీదే నిలబడుతుంది.

[బోర్డు మీద రాస్తూ]

మొదటి 10 కిలోలకు కిలోకు 4 మిల్లీలీటర్లు. ఆ పైన 10 కిలోలకు కిలోకు 2. ఇరవై దాటాక ప్రతి కిలోకూ 1. ఇదంతా గంటకు. మన బాబుకు మొదటి పది కిలోలకు 40, మిగిలిన నాలుగు కిలోలకు 8. మొత్తం 48 మిల్లీలీటర్లు.

కొత్తగా వచ్చిన హౌస్ సర్జన్లు తడబడేది ఇక్కడే. బాబు పది దాటాడు కదా అని 14ను నేరుగా 2తో గుణించి 28 అంటారు. అలాగైతే పది కిలోల పాపకు 40, పద్నాలుగు కిలోల బాబుకు 28 వస్తుంది. పెద్దవాడికి తక్కువ వచ్చిందంటే లెక్క తప్పినట్టే. ఆదాయపు పన్ను శ్లాబుల్లాగే ఇదీ: పై శ్లాబులోకి వెళ్లినా కింది శ్లాబు లెక్క మారదు. 24 కిలోల పాపకైతే 40, 20, 4 కలిపి 64. ఇరవై దాటినవాళ్లకు ఇంకో సులువు ఉంది: బరువుకు 40 కలపండి, అదే జవాబు.

ఈ అంకెలు 1957లో హాలిడే, సీగర్ అనే ఇద్దరు అమెరికన్ డాక్టర్ల వ్యాసం నుంచి వచ్చాయి. పిల్లల శరీరం ఖర్చుచేసే ప్రతి 100 క్యాలరీలకు సుమారు 100 మిల్లీలీటర్ల నీరు కావాలని వాళ్లు లెక్కగట్టారు. పది కిలోల దాకా రోజుకు కిలోకు 100, తర్వాత పదికి 50, ఆ పైన 20. వీటిని 24తో భాగించి చూడండి, దాదాపు 4, 2, 1 వస్తాయి. చిన్న పిల్లలు కిలోకు ఎక్కువ క్యాలరీలు ఖర్చుచేస్తారు, అందుకే కిలోకు నీరూ ఎక్కువే.

ఇందులో కలవనిది ఒకటుంది. ఇది మూత్రం, చెమట, ఊపిరి ద్వారా మామూలుగా పోయే నీటికి సరిపడే లెక్క, దీన్నే మెయింటెనెన్స్ అంటాం. విరేచనాలతో ఇప్పటికే పోయిన నీరు ఇందులో లేదు. ఇదే 14 కిలోల బాబు విరేచనాలతో పూర్తిగా ఎండిపోయి వచ్చాడనుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతి ప్రకారం మొదటి అరగంటలోనే కిలోకు 30 చొప్పున 420 మిల్లీలీటర్ల రింగర్ లాక్టేట్ వెళ్లాలి. మెయింటెనెన్స్ లెక్కతో అరగంటకు వెళ్లేది 24. ఆ స్థితిలో ఉన్న పిల్లాడికి 48 పెట్టి కూర్చుంటే ప్రమాదం.

[మళ్లీ బోర్డు వైపు తిరిగి]

మన నిమోనియా బాబు అలా ఎండిపోలేదు. అయితే వాడికి ఇంకో చిక్కుంది. నిమోనియా, మెదడువాపు, ఆపరేషన్ తర్వాతి నొప్పి లాంటి వాటిలో శరీరం యాంటీ డైయూరెటిక్ హార్మోన్‌ను అవసరం లేకపోయినా వదులుతుంది. అప్పుడు కిడ్నీ నీటిని బయటికి పంపకుండా పట్టుకుంటుంది. మనం పైనుంచి ఇంకా పోస్తుంటే రక్తంలో సోడియం పలచబడుతుంది. సోడియం బాగా పడిపోతే మెదడు వాస్తుంది. ముందు తలనొప్పి, వాంతులు, మత్తు, ఆ తర్వాత ఫిట్స్.

దీనికి రెండు జాగ్రత్తలు. ఒకటి, సీసాలో ఏముందో చూడటం. పిల్లల కోసమని ఏళ్ల తరబడి వాడిన పలచని ద్రావణాల్లో లీటరుకు సోడియం 25 మిల్లీమోల్‌ల దగ్గర ఉంటుంది. రక్తంలో ఉండాల్సింది 135 నుంచి 145. అందుకే 2018లో అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 28 రోజులు దాటిన పిల్లలకు రక్తంతో సమానమైన సోడియం ఉన్న ద్రావణమే మెయింటెనెన్స్‌కు వాడమంది, తగినంత గ్లూకోజ్, పొటాషియంతో. మన వార్డులో ఆ పని డీఎన్‌ఎస్, అంటే గ్లూకోజ్ కలిపిన సెలైన్ చేస్తుంది. మూత్రం వస్తోందని, పొటాషియం రిపోర్టు బాగుందని తెలిశాకే అందులో పొటాషియం కలపాలి.

రెండో జాగ్రత్త, పరిమాణం తగ్గించడం. ఈ హార్మోన్ ముప్పు ఉన్న పిల్లలకు లెక్కలో వచ్చిన దాంట్లో 50 నుంచి 80 శాతం ఇస్తారు. ఎంత అనేది పిల్లల డాక్టరు నిర్ణయిస్తారు. మన బాబుకు 80 శాతం అనుకుందాం. 48లో 80 శాతం అంటే దాదాపు 38.

ఇక చాలామంది మర్చిపోయే మెట్టు. మందుల్లో వెళ్లే నీరూ నీరే. పారాసెటమాల్ ఇన్‌ఫ్యూషన్ కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున 210 మిల్లీగ్రాములు. మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములుంటాయి కాబట్టి ఒక డోసుకు 21 మిల్లీలీటర్లు. రోజుకు నాలుగు డోసులైతే 84. యాంటీబయాటిక్‌ను 20 మిల్లీలీటర్లలో కలిపి నాలుగుసార్లు ఇస్తే ఇంకో 80. మొత్తం 164, గంటకు దాదాపు 7. అది 38లోంచి తీసేస్తే 31. కేస్ షీట్‌లో డ్రిప్ రేటు దగ్గర రాయాల్సింది 31.

[డ్రిప్ సెట్ చేతిలోకి తీసుకుని]

పంపు లేకపోతే చుక్కలు లెక్కపెట్టాలి. మైక్రో డ్రిప్ సెట్‌లో 60 చుక్కలు ఒక మిల్లీలీటరు. గంటకు ఎన్ని మిల్లీలీటర్లో నిమిషానికి అన్ని చుక్కలు, అంటే 31. పావు నిమిషం చూస్తే ఎనిమిది. పెద్దవాళ్ల సెట్‌లో 20 చుక్కలు ఒక మిల్లీలీటరు అయితే మూడుతో భాగించాలి, నిమిషానికి పది. కవరు మీద రాసి ఉంటుంది, చూడకుండా ఊహించకండి.

బాబు చెయ్యి ముడిస్తే చుక్క ఆగుతుంది, చాపితే పరుగెడుతుంది. "సరిగా ఎక్కట్లేదు సిస్టర్" అని పక్కనున్న బంధువే చక్రం తిప్పేయడమూ మామూలే. అందుకే చిన్నపిల్లలకు సీసా కింద కొలతలున్న చిన్న గొట్టం ఉండే బ్యూరెట్ సెట్ పెట్టి, అందులో రెండు గంటలకు సరిపడా 62 మిల్లీలీటర్లే నింపాలి. పై క్లాంపు మూసి ఉంచితే, చక్రం పూర్తిగా తెరుచుకున్నా పోయేది ఆ 62 మాత్రమే.

ఇక ఈ సూత్రం పనిచేయని చోట్లు. మొదటి నెల పసికందులకు ఇది వద్దు, వాళ్ల లెక్క పుట్టిన రోజును బట్టి మారుతుంది. గుండె, కిడ్నీ జబ్బులున్న పిల్లలకు వేరే లెక్క. బాగా లావుగా ఉన్న పిల్లలకు ఎత్తుకు తగ్గ బరువుతో లెక్కించాలి, లేకపోతే ఎక్కువైపోతుంది.

రేటు సరిపోయిందా లేదా అన్నది మర్నాడు ఉదయం తెలుస్తుంది. అదే త్రాసు మీద మళ్లీ తూచండి. ఒక్కరోజులో 14 కాస్తా 14.6 అయితే అది కండ కాదు, నీరు. కనురెప్పలు ఉబ్బాయేమో చూడండి, మూత్రం ఎంత వచ్చిందో చార్టులో చూడండి, సోడియం, షుగర్ పంపండి. సోడియం 138 ఉండి 130కి వస్తే ఉప్పు తక్కువైందని అనుకునే ముందు నీరు ఎక్కువైందేమో చూడాలి. వెంటనే డాక్టరును పిలవండి.

ఊపిరి కుదుటపడి బాబు పాలు తాగడం మొదలుపెడితే ఆ పాలూ లెక్కలోకి వస్తాయి. నాలుగు గంటల్లో 60 మిల్లీలీటర్లు నిలుపుకున్నాడంటే గంటకు 15. డ్రిప్ 31 నుంచి 16కి దిగుతుంది. ఇంకాస్త తాగితే సీసా తీసేయడమే.