ఒకే ముక్కలో డబ్బా, మూత: విరగని మడత ప్రింట్ చేయడం

[కొబ్బరినూనె సీసా మూత దగ్గరగా. బొటనవేలు దాన్ని తెరిచి మూస్తుంది.]

ఈ మూతకి వేరే బందు లేదు, పిన్నూ లేదు. ఉన్నదల్లా పలచటి పట్టీ ఒకటి, అదే మడత. దీన్ని లివింగ్ హింజ్ అంటారు. ప్లాస్టిక్ పేరు పాలీప్రొపిలీన్, మనం పీపీ అందాం. ఈ పీపీ ఫిలమెంట్‌తోనే త్రీడీ ప్రింటర్‌లో 20 మిల్లీమీటర్ల ఎత్తున్న చిన్న డబ్బా చేద్దాం.

[తెర మీద మోడల్]

డబ్బాని తెరిచిన పుస్తకంలా ప్రింటర్ బెడ్ మీద పరిచాను. అడుగు ఒక అట్ట, మూత ఇంకో అట్ట, వెనక గోడ పుస్తకం వెన్ను. వెన్నుకి అటూ ఇటూ 3 మిల్లీమీటర్ల వెడల్పుతో రెండు పట్టీలు. ఒక్కోటీ లంబకోణం వరకు వంగితే డబ్బా మూసుకుంటుంది.

పడుకోబెట్టడానికి కారణం ఉంది. నిలబెట్టి ప్రింట్ చేస్తే పొరల మధ్య అతుకులు సరిగ్గా మడత గీత వెంటే వస్తాయి. ప్రింట్‌లో అన్నిటికన్నా బలహీనమైన చోటు అదే. రెండు మూడు సార్లు మడిస్తే పొర పొరగా ఊడుతుంది.

[స్లైసర్ ప్రివ్యూ, మొదటి పొర]

పడుకోబెట్టినా ఇంకొకటి చూసుకోవాలి. ప్లాస్టిక్ పోగులు అడుగు వైపు నుంచి వెన్ను వైపుకి, మడతని దాటుతూ వెళ్ళాలి. మడత వెంట సాగితే పోగుల మధ్యే చీలుతుంది. మోడల్‌ని పొరలుగా కోసే స్లైసర్ సాఫ్ట్‌వేర్ క్యూరాలో `Top/Bottom Line Directions` దగ్గర `[90]` ఇచ్చి ప్రివ్యూ చూడండి. గీతలు మడత వెంట వెళ్తుంటే `[0]` చేయండి.

ఇక మందం. నేను పెట్టేది 0.4 మిల్లీమీటర్లు, అంటే 0.2 పొరలు రెండు. పట్టీ వంగినప్పుడు బయటి ముఖం సాగాలి. 3 మిల్లీమీటర్ల పట్టీ లంబకోణం తిరిగితే 0.4 మందానికి ఆ సాగుడు సుమారు 10 శాతం. 0.8 చేస్తే 20 దాటుతుంది, పైగా మూత బిర్రుగా వెనక్కి తన్నుతుంది. మామూలుగా ప్రింట్‌కి వాడే పీఎల్‌ఏ ప్లాస్టిక్ 10 శాతం కూడా తట్టుకోదు, టప్పున విరుగుతుంది. రబ్బరులా సాగే టీపీయూ అయితే 0.8 కూడా హాయిగా వంగుతుంది కానీ డబ్బా గోడలే మెత్తబడతాయి.

పీపీ మామూలు బెడ్‌కి అంటుకోదు. పార్సిళ్ళకి వేసే ప్యాకింగ్ టేప్ పరవండి, అదీ పీపీయే.

[చేతులు దగ్గరగా]

బెడ్ మీద నుంచి తీయగానే, వెచ్చగా ఉండగానే, నెమ్మదిగా పూర్తిగా మడవండి, తెరవండి, అలా పది సార్లు. మొదటి మడతల్లోనే లోపలి అణువులు మడతకి అడ్డంగా బారు తీరి పట్టీ గట్టిపడుతుంది. తెల్లటి గీత పడితే కంగారు పడకండి, పీపీ సాగిన గుర్తు అది.

[పట్టీని బల్బుకి ఎదురుగా పట్టుకుని]

వెలుగు సన్నటి గీతలుగా కనిపిస్తోందా? పోగులు ఒకదానికొకటి అతుక్కోలేదన్నమాట. నాజిల్‌ని 0.05 మిల్లీమీటర్లు కిందికి దించి మళ్ళీ ప్రింట్ చేయండి.