సాగే ట్రైనింగ్ వీడియోకి వేగం తేవడం: ఒక్క నిమిషం ఎడిట్ చేసి చూద్దాం

[స్క్రీన్: తెల్ల గోడ ముందు ట్రైనర్, కదలని షాట్. మూలన టైమర్.]

వాయిస్: ప్రయాణ ఖర్చుల క్లెయిమ్ ఎలా పెట్టాలో కొత్త ఉద్యోగులకు నేర్పే వీడియో ఇది. అందులో బిల్లు అప్‌లోడ్ చేసే భాగం నిమిషం ఉంది: 40 సెకన్లు ట్రైనర్ మాట, 20 సెకన్లు స్క్రీన్ రికార్డింగ్. దీన్ని 38 సెకన్లకు దించుదాం. చాలామంది మొదట చేసే పని వెనకాల హుషారైన మ్యూజిక్ వేయడం. దానివల్ల సాగతీత తగ్గదు, ఇంకా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

[స్క్రీన్: టైమ్‌లైన్. వీడియో ట్రాక్ ఆఫ్. వేవ్‌ఫారం పెద్దదిగా.]

వాయిస్: ముందు బొమ్మ ఆపేసి మాట మాత్రమే వినండి. బొమ్మ కనిపిస్తుంటే కట్ అతుకుతుందా లేదా అనే ధ్యాసలో పడి, ఏ వాక్యం అక్కర్లేదో పట్టించుకోం.

[ట్రైనర్ గొంతు: "సో, ఇప్పుడు మనం బిల్లు ఎలా అప్‌లోడ్ చేయాలో చూద్దాం. బిల్లు అప్‌లోడ్ చేయడానికి మనం ఏం చేయాలంటే, అటాచ్ బటన్ నొక్కాలి."]

వాయిస్: చేయబోయే పని ముందే ప్రకటించే మొదటి వాక్యం మొత్తం పోవాలి. రెండో వాక్యంలో "మనం ఏం చేయాలంటే" కూడా తీసేయండి.

[ట్రైనర్ గొంతు: "బిల్లు అప్‌లోడ్ చేయడానికి అటాచ్ బటన్ నొక్కాలి."]

వాయిస్: 9 సెకన్ల మాట 4కు వచ్చింది, అర్థం ఎక్కడా చెడలేదు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ ప్రోలో ప్లేహెడ్ గీతకి ఎడమవైపున్న ముక్క తీసేసి ఖాళీ మూయడానికి Q కీ, కుడివైపున్నదానికి W.

ఇక వాక్యాల మధ్య ఖాళీలు. సెకనుకి 25 ఫ్రేముల వీడియోలో వాక్యానికీ వాక్యానికీ మధ్య 8 నుంచి 10 ఫ్రేములు చాలు. విషయం మారే చోట మాత్రం దాదాపు సెకను ఉంచండి, లేకపోతే కొత్త స్టెప్ మొదలైందని తెలియదు. ఊపిరి శబ్దం ఉంచితే పూర్తిగా ఉంచండి, తీస్తే పూర్తిగా తీయండి. సగంలో తెగిన ఊపిరే కట్‌ని పట్టిస్తుంది. ఖాళీ ఉంచిన చోట అదే గదిలో రికార్డయిన నిశ్శబ్దాన్ని పరవండి. ఏమీ లేకుండా వదిలేస్తే గది హోరు టక్కున ఆగి, మళ్లీ మొదలైనట్టు వినిపిస్తుంది. ప్రతి అతుకు దగ్గరా 2, 3 ఫ్రేముల ఆడియో క్రాస్‌ఫేడ్ వేయండి.

[స్క్రీన్: బొమ్మ తిరిగి ఆన్. ట్రైనర్ తల ప్రతి కట్‌లోనూ ఎగురుతుంది.]

వాయిస్: ఇప్పుడు బొమ్మ చూస్తే తల ఎగురుతోంది. షూట్ 4కేలో చేసి, టైమ్‌లైన్ 1080 అయితే పని సులువు: కట్ తర్వాతి ముక్కని 125 శాతానికి పెంచండి, నాణ్యత పోదు. 105 శాతం లాంటి చిన్న పెంపు వద్దు, ఏదో పొరపాటులా కనిపిస్తుంది. పెంచాక కళ్లు ముందున్న ఎత్తులోనే ఉండేలా ఫ్రేమ్ జరపండి. షూటే 1080లో అయితే అంత పెంచితే బొమ్మ మెత్తబడుతుంది, అప్పుడు కట్‌ని స్క్రీన్ రికార్డింగ్‌తో కప్పాలి.

నిజానికి ఇక్కడ అదే మేలు. "అటాచ్ బటన్" అనే మాట వినిపించేటప్పటికి ఆ బటన్ కళ్ల ముందుండాలి, ట్రైనర్ ముఖం కాదు. మాటకి 3, 4 ఫ్రేముల ముందే బొమ్మ మార్చండి. బటన్ ఉన్న మూలని 200 శాతానికి దగ్గరగా చూపించండి. ఫారం మొత్తం చూపిస్తే కన్ను వెతుక్కోవాల్సి వస్తుంది.

[స్క్రీన్: అప్‌లోడ్ బార్ నిండుతుంది. కర్సర్ తాపీగా కదులుతుంది.]

వాయిస్: రికార్డింగ్‌లో పేజీ లోడయ్యే సమయం కత్తిరించండి, టైపింగ్‌ని 300 శాతం వేగంతో నడపండి. క్లిక్‌ని మాత్రం ముట్టుకోవద్దు. అది మామూలు వేగంలోనే జరగాలి, తర్వాత ఒక సెకను ఫలితం కనబడాలి. కట్‌కి రెండు వైపులా కర్సర్ ఒకే చోట ఉందో లేదో చూసుకోండి, లేకపోతే కర్సర్ మాయమై ఇంకోచోట తేలుతుంది. మూలన కంప్యూటర్ గడియారం ఉంటే అది కూడా గెంతుతుంది, క్రాప్ చేసేయండి.

[స్క్రీన్: "ఒరిజినల్ బిల్లు లేనిదే క్లెయిమ్ చెల్లదు" అనే వాక్యం.]

వాయిస్: ఇలాంటి నిబంధన వాక్యాలు ఎంత నిదానంగా ఉన్నా, ఒక్క పదం తీయాలన్నా దాన్ని ఆమోదించినవాళ్లని అడగాలి. అలాగే నిడివి మారగానే సబ్‌టైటిళ్ల పాత SRT ఫైలు పనికిరాదు, మధ్యలో వచ్చే క్విజ్‌లు కూడా తప్పు చోట ఆగుతాయి. కొత్త టైమింగులు ట్రైనింగ్ కోర్సులు నడిపే ఎల్ఎంఎస్‌లో మళ్లీ పెట్టాలి.

[స్క్రీన్: పక్కపక్కన పాత కట్ 60 సెకన్లు, కొత్త కట్ 38 సెకన్లు.]

వాయిస్: ఈ క్లెయిమ్ సాఫ్ట్‌వేర్ ఎప్పుడూ వాడని ఒకరికి ఫారం తెరిచిచ్చి, వీడియో చూస్తూ నింపమనండి. ఎక్కడ పాజ్ నొక్కారో, ఎక్కడ వెనక్కి జరిపారో రాసుకోండి. ఈ భాగంలో అలా ఆగే అవకాశం ఎక్కువగా ఉన్న చోటు బిల్లు నంబర్ గడి. అక్కడే ఆగితే ఆ ఫ్రేమ్‌ని మరో 2 సెకన్లు నిలపండి. 38 కాస్తా 40 అయినా నష్టం లేదు.