సినిమా సీరియల్ లెక్క ఎందుకు కనబడుతుంది?

అందరికీ నమస్కారం.

నేను వరంగల్‌లో ఒక థియేటర్‌లో 19 ఏళ్లు ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా పనిచేశాను. రీళ్లు పోయి డిజిటల్ వచ్చేదాకా ఆ కేబిన్‌లోనే ఉన్నాను. ఈ రోజు నేను చెప్పబోయేది ఇంట్లో టీవీ గురించే అయినా, నాకు అది అర్థమైంది ఆ కేబిన్ వల్లే.

పోయిన దసరాకు మా మేనల్లుడు హన్మకొండలో వాళ్ల ఇంటికి 55 అంగుళాల కొత్త టీవీ తెచ్చాడు. నాలుగు రోజులకు మా అక్క ఫోన్ చేసింది. "తమ్మీ, బొమ్మ మంచిగనే ఉంది గానీ, సినిమా పెడితే సీరియల్ లెక్క కనబడుతున్నది. నాకే అట్ల అనిపిస్తున్నదా?" అని అడిగింది. మేనల్లుడికి తేడా తెలియలేదు. షాపు నుంచి వచ్చి బిగించిన అబ్బాయి కూడా "కొత్త టీవీ కదా, క్లియర్‌గా ఉంటుంది, అలవాటవుతుంది" అని చెప్పి వెళ్లాడట. అక్క చెప్పిందే నిజం. ఆమె కన్ను పట్టుకున్న దానికి ప్రపంచమంతా వాడే పేరు కూడా అదే: సోప్ ఒపెరా ఎఫెక్ట్. సోప్ ఒపెరా అంటే సీరియలే. అమెరికాలో సబ్బుల కంపెనీల ప్రకటనలతో నడిచిన రేడియో సీరియళ్లకు పడిన పేరు తర్వాత టీవీ సీరియళ్లకూ వచ్చింది.

సినిమాకూ సీరియల్‌కూ కన్ను ఎలా తేడా కడుతుందో ముందు చెప్తాను. రీలులో అడుగుకు 16 బొమ్మలు ఉంటాయి. సెకనుకు అడుగున్నర రీలు ప్రొజెక్టర్ గేటు ముందు నుంచి దిగుతుంది. అంటే సెకనుకు 24 బొమ్మలు. మాటల సినిమా వచ్చినప్పుడు ధ్వని కోసం రీలు ఒకే వేగంతో నడవాల్సి వచ్చి, ఈ 24 స్థిరపడింది. డిజిటల్ కెమెరాలు వచ్చినా దాదాపు అన్ని సినిమాలూ ఇంకా అంతే తీస్తున్నారు. మామూలుగా కెమెరా ఒక్కో బొమ్మను సెకనులో 48వ వంతు సేపు తీస్తుంది. ఆ కొద్ది సేపట్లో చెయ్యి కదిలితే బొమ్మలో కొంచెం అలుక్కున్నట్టు పడుతుంది. ఆ అలుకు, 24 బొమ్మల మధ్య ఉండే చిన్న చిన్న ఖాళీలు కలిసే మనం సినిమా అని గుర్తుపట్టే కదలిక అవుతుంది.

సీరియల్ కథ వేరు. టీవీ స్టూడియోల్లో ఫిల్మ్ ఖరీదని వీడియో కెమెరా వాడారు. ఆ వీడియో కెమెరా అమెరికాలో సెకనుకు 60 సార్లు, మన దగ్గర 50 సార్లు కదలికను పట్టేది. ప్రతిసారీ పూర్తి బొమ్మ కాదు, గీత విడిచి గీతగా సగం బొమ్మ. అయినా కదలిక మాత్రం రెండింతలు నున్నగా వచ్చేది. వార్తలూ, క్రికెట్టూ అలాగే వచ్చేవి. ఎవరూ నేర్పకుండానే మన కంటికి ఒక లెక్క అలవాటైంది: నున్నగా జారితే అది స్టూడియోలో తీసింది, 24 లయలో నడిస్తే అది సినిమా. అక్కకు ఈ అంకెలు తెలియవు. కానీ ఏళ్ల తరబడి రెండూ చూసిన కన్ను అది.

మరి 24 బొమ్మలతో తీసిన సినిమా కొత్త టీవీలో నున్నగా ఎందుకు జారుతోంది? ఎందుకంటే మిగతా బొమ్మలను టీవీ తనే తయారు చేస్తోంది.

అక్క ఇంట్లోని టీవీ సెకనుకు 120 సార్లు తెరను మారుస్తుంది. సినిమా నుంచి వచ్చేవి 24. నిజానికి ఒక్కో బొమ్మను ఐదుసార్లు చూపిస్తే లెక్క సరిపోతుంది. కానీ కదలికను నున్నగా చేసే మోషన్ స్మూతింగ్ అనే సెట్టింగు ఆన్‌లో ఉంటే టీవీ అలా చెయ్యదు. ఒక బొమ్మనూ దాని తర్వాతి బొమ్మనూ పక్కపక్కన పెట్టుకుని, ఏ ముక్క ఎటు జరిగిందో అంచనా వేస్తుంది. ఆ దారిలో నాలుగు కొత్త బొమ్మలు కల్పించి మధ్యలో పెడుతుంది. రెండున్నర గంటల సినిమాలో కెమెరా తీసినవి 2,16,000 బొమ్మలు. టీవీ కల్పించేవి 8,64,000. మనం చూసే ప్రతి ఐదింటిలో నాలుగు ఏ కెమెరామెన్ తీయనివి. నటుడు కన్నెత్తి చూసే ఆ క్షణంలో కనురెప్ప ఎంత వేగంతో లేచిందన్నది కూడా నటనే కదా. దాని మధ్యలోకి ఒక చిప్ చొరబడటం నాకు చాలా బాధగా ఉంటుంది. 2018లో టామ్ క్రూజ్, దర్శకుడు క్రిస్టఫర్ మెక్వారీ కలిసి ఒక వీడియో పెట్టి, ఇళ్లలో దీన్ని ఆపెయ్యమని ప్రేక్షకులను కోరారు. సినిమా తీసేవాళ్లకు ఇది అంత పట్టింపు ఉన్న విషయం.

ఈ అంచనా ఎక్కడ తప్పుతుందో తెలిస్తే మీ ఇంట్లో టీవీని మీరే పరీక్షించుకోవచ్చు. మన వేయిస్తంభాల గుడినే ఊహించుకోండి. కెమెరా మెల్లగా పక్కకు జరుగుతోంది, స్తంభాల ముందు నుంచి ఒక మనిషి నడుస్తున్నాడు. స్తంభాలన్నీ ఒక్క తీరుగా ఉంటాయి. మొదటి బొమ్మలోని రెండో స్తంభం తర్వాతి బొమ్మలో ఏది? టీవీ పక్క స్తంభాన్ని అదే అనుకుంటే అంచు ఒక్క క్షణం చిరిగినట్టు, వణికినట్టు అవుతుంది. ఇక మనిషి వెనక దాగిన స్తంభం అతను దాటగానే బయటపడుతుంది. ముందు బొమ్మలో అది లేనే లేదు, కాబట్టి అక్కడ ఏం పెట్టాలో టీవీకి ఆధారం ఉండదు. అందుకే నడిచే మనిషి తల చుట్టూ, భుజాల చుట్టూ నీళ్లలో కదిలినట్టు ఒక అలికిన అంచు కనబడుతుంది. సైకిల్ చక్రం పుల్లలు, కిటికీ గ్రిల్లు, తిరిగే ఫ్యాను రెక్కలు కూడా ఇలాగే పట్టిస్తాయి. ఇవేవీ దొరక్కపోతే కాసేపు క్రికెట్ చూసి వెంటనే ఒక సినిమా పెట్టండి. రెండింటిలో కదలిక ఒక్క తీరుగా ఉంటే స్మూతింగ్ ఆన్‌లో ఉన్నట్టే.

ఆపడానికి దారి ఇది. రిమోట్‌లో Settings, అందులో Picture, అందులో Advanced లేదా Clarity లాంటి మాట ఉంటుంది. అక్కడ ఒక్కో కంపెనీ దీనికి ఒక్కో పేరు పెట్టింది. LGలో TruMotion. Sonyలో Motionflow. Samsungలో Auto Motion Plus, కొత్త వాటిలో Picture Clarity Settings. ఇంకా చాలా టీవీల్లో MEMC అనే నాలుగు అక్షరాలు కనబడతాయి. పేరులో Motion గానీ, Smooth గానీ, Clarity గానీ ఉంటే అది తెరిచి చూడండి. దాన్ని Off చేస్తే చాలు.

అక్క ఇంట్లో నేను సరిగ్గా ఇదే చేశాను. డిష్ బాక్సులో వస్తున్న సినిమా వెంటనే మారిపోయింది. అక్క "ఆఁ, ఇగో, ఇట్లనే" అంది. నేను ఇంటికి వచ్చేశాను. మర్నాడు రాత్రి మళ్లీ ఫోన్. మేనల్లుడు టీవీలోనే ఉన్న యాప్‌లో సినిమా పెడితే మళ్లీ సీరియల్ లెక్కనే ఉందట. నా చేతిలో ఏదో తప్పు జరిగిందనుకుని వెళ్లాను. తప్పు లేదు. చాలా టీవీలు ఈ సెట్టింగును ఒక్కో దారికి విడిగా గుర్తుపెట్టుకుంటాయి. డిష్ బాక్సు పెట్టిన HDMI ఒక దారి, టీవీలోని యాప్‌లు ఇంకో దారి. యాప్‌లో కూడా ఆపాను. వారం తర్వాత ఒక సినిమా Dolby Visionలో, అంటే వెలుగు చీకట్ల తేడాను ఎక్కువగా చూపించే HDR పద్ధతుల్లో ఒకదానిలో వచ్చింది, మళ్లీ అదే గొడవ. Dolby Vision, HDR సినిమాలకు టీవీ తనంతట తను వేరే పిక్చర్ మోడ్‌లోకి మారుతుంది, ఆ మోడ్‌కు దాని సొంత సెట్టింగు ఉంటుంది. మూడు చోట్ల మూడుసార్లు ఆపితే గానీ పని పూర్తి కాలేదు.

అందుకే మీరు మెనూలోకి వెళ్లేముందు సినిమా పెట్టి, అది నడుస్తుండగానే సెట్టింగు మార్చండి. అప్పుడు నడుస్తున్న దారికి, నడుస్తున్న మోడ్‌కే మార్పు పడుతుంది. మామూలు సినిమా, HDR సినిమా, డిష్ బాక్సు, ఒక్కోటీ విడిగా చూసుకోండి. కొన్ని టీవీల్లో అన్ని దారులకూ ఒకేసారి వర్తింపజేసే ఆప్షన్ ఉంటుంది, అది దొరికితే కొంత శ్రమ తగ్గుతుంది. 2019 తర్వాత వచ్చిన కొన్ని టీవీల్లో Filmmaker Mode ఉంది. అది పెడితే స్మూతింగ్ ఆగిపోతుంది. రంగులు మాత్రం కాస్త వెచ్చగా, వెలుగు తక్కువగా అనిపిస్తాయి, పగటి వెలుతురున్న హాల్లో అది అందరికీ నచ్చకపోవచ్చు.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. ఆపిన తర్వాత కెమెరా పక్కకు తిరిగే షాట్లలో బొమ్మ ఆగి ఆగి జరిగినట్టు మీకు అనిపించవచ్చు. థియేటర్‌లో ఇలా లేదే అంటారు. కారణం ప్రొజెక్టర్‌లోనే ఉంది. మా ప్రొజెక్టర్‌లో ఒక బొమ్మ పోయి ఇంకో బొమ్మ వచ్చేటప్పుడు షట్టర్ వెలుగును అడ్డుకునేది. బొమ్మ నిలబడి ఉన్నప్పుడు కూడా ఒకసారి అడ్డుకునేది. మీరు సినిమా చూసిన సేపట్లో దాదాపు సగం సేపు తెర మీద చీకటే ఉండేది, మీ కంటికి తెలియలేదు అంతే. ఆ చీకటిలో కన్ను బొమ్మకూ బొమ్మకూ మధ్య తనే వంతెన కట్టుకునేది. టీవీ తెర అలా చీకటి కాదు. ఒక బొమ్మను పూర్తిగా వెలుగుతో పట్టి ఉంచి ఒక్కసారిగా తర్వాతి దానికి దూకుతుంది. అందువల్ల అదే 24 ఇక్కడ కొంచెం గరుకుగా కనబడుతుంది. కంపెనీలు స్మూతింగ్ పెట్టడానికి ఒక కారణం ఈ లోపమే, దాన్ని నేను కాదనను. కెమెరామెన్లకూ ఇది తెలుసు. ఒక వస్తువు తెర ఈ అంచు నుంచి ఆ అంచుకు చేరడానికి ఏడు సెకన్లయినా పట్టేలా కెమెరాను తిప్పాలని వాళ్లకు పాత లెక్క ఒకటి ఉంది.

గరుకు మరీ ఇబ్బంది పెడితే Off బదులు Custom లేదా User తీసుకోండి. అందులో చాలా టీవీల్లో Judder పేరుతో 0 నుంచి 10 దాకా అంకె ఉంటుంది. దాన్ని 2 దగ్గర ఉంచితే గరుకు కొంత తగ్గుతుంది, సీరియల్ రూపు పెద్దగా రాదు. 5 దాటితే మళ్లీ మొదటికే వస్తుంది. యాప్‌ల కోసం టీవీకి స్టిక్ పెట్టుకున్నవాళ్లు స్టిక్ సెట్టింగుల్లో Match Frame Rate లాంటిది ఉందేమో చూసి ఆన్ చెయ్యండి. లేకపోతే స్టిక్ 24ను 60గా మార్చి పంపుతుంది. 24 అరవైలోకి సమంగా పోదు కాబట్టి ఒక బొమ్మ మూడుసార్లు, తర్వాతిది రెండుసార్లు పడి, స్మూతింగ్ ఆపినా కుదుపు మిగులుతుంది.

క్రికెట్‌కు ఉంచుకుంటారా, ఉంచుకోండి, దానికి నాకు అభ్యంతరం లేదు. ఆటను ఎలాగూ నున్నగానే తీస్తారు. సినిమాకు మాత్రం ఆపండి. టీవీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయిన తర్వాత ఒకసారి మెనూ తెరిచి చూసుకోండి, కొన్నిసార్లు అది తిరిగి ఆన్ అవుతుంది. అక్క ఇంట్లో రెండు నెలల కింద అలాగే అయింది. ఈసారి మాత్రం నాకు ఫోన్ రాలేదు. ఆమే మేనల్లుడిని కూర్చోబెట్టి మూడు చోట్లా ఆపించింది.

మీ టీవీ మెనూలో పేరు దొరకనివాళ్లు మోడల్ నంబర్ రాసుకొచ్చి ఉంటే ఇప్పుడు అడగండి, కలిసి వెతుకుదాం.